పర్ల్ వరస దగ్గర చెయ్యి మార్చి చూడు

చెల్లీ,

ఊలు అల్లే రెండు పద్ధతుల మీద నువ్వు రాసి పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివా. కాంటినెంటల్ అంటే ఊలు ఎడమ చేతిలో, ఇంగ్లీష్ అంటే కుడి చేతిలో అని రాసి వదిలేశావ్, అది నిజమే కానీ చదివేవాళ్ళకి వేళ్ళు కనబడాలి కదా. ఇంగ్లీష్‌లో ప్రతి కుట్టుకీ కుడి చేత్తో ఊలుని సూది చుట్టూ తిప్పి వేస్తాం. కాంటినెంటల్‌లో ఊలు ఎడమ చూపుడు వేలి మీద బిగువుగా ఆగి ఉంటుంది, కుడి సూది మొనతో దాన్ని అందుకుని లాగేస్తాం, నిట్‌కి, అంటే ఊలు వెనక ఉంచుకుని వేసే మామూలు కుట్టుకి, ఇది చాలా హాయి. చిక్కంతా దానికి తిరగేసిన కుట్టు పర్ల్ దగ్గరే. ఊలు ముందుకి తెచ్చుకుని సూది పైనుంచి చుట్టాలంటే వేలు కిందికి వంచాలి, ఆ వంచడంలో పట్టు సడలి కుట్టులోకి కాస్త ఎక్కువ ఊలు పోతుంది.

నువ్వు అసలు రాయాల్సింది ఇదే అనిపించింది. నాకేమైందో చెప్తా. 4 మిల్లీమీటర్ల సూదులతో శాంపిల్ ముక్క గుండ్రంగా అల్లి కొలిస్తే 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చాయి, ఆ లెక్కతో వీపు ముక్కకి 100 కుట్లు వేసి తిప్పి తిప్పి అల్లా, 45 చిల్లర రావాల్సింది ఏకంగా 50 సెంటీమీటర్లు వచ్చింది! గుండ్రంగా అల్లితే అన్నీ నిట్ కుట్లే, తిప్పి అల్లితే వరస విడిచి వరస పర్ల్, అందుకే గేజ్, అంటే 10 సెంటీమీటర్లకి పట్టే కుట్ల లెక్క, 20కి పడిపోయింది. ముక్క వెనక్కి తిప్పి చూస్తే రెండేసి వరసలు జంటగా దగ్గరకొచ్చి మధ్యలో సన్నటి కాలవలా ఖాళీ కనబడింది, పర్ల్ వదులైందనడానికి గుర్తు అదే.

అప్పుడు నిట్ వరసలు కాంటినెంటల్‌లోనే ఉంచి పర్ల్ వరసలు మాత్రం ఊలు కుడి చేతికి మార్చి ఇంగ్లీష్‌లో అల్లా, వరస చివర్లోనే మార్చాలి, మధ్యలో మారిస్తే అక్కడ కుట్టు తేడా వస్తుంది. కొత్త ముక్కలో గేజ్ 21న్నర వచ్చింది, కాలవలు దాదాపు పోయాయి. అందరికీ ఇలాగే కుదరదు, కుడి చెయ్యి మరీ బిగువుగా లాగేవాళ్ళకి పర్ల్ వరసలు బిగిసిపోతాయి, వాళ్ళు చెయ్యి మార్చకుండా పర్ల్ వరసకి 3.5 మిల్లీమీటర్ల సూది వాడితే సరి. సగం అల్లిన స్వెటర్‌లో పద్ధతి మార్చమని మాత్రం రాయకు, ఎక్కడ మారిందో గీతలా తెలుస్తుంది.

ఇంకొకటి, పర్ల్‌కి ఊలుని కిందనుంచి లాక్కుంటే సులువని రాశావ్. సులువే, బిగువు కూడా వస్తుంది, కానీ కుట్టు సూది మీద తిరగబడి కూర్చుంటుంది, తర్వాతి వరసలో ఆ కుట్టుకి సూది వెనకవైపున్న కాలులోంచి అల్లకపోతే మెలిపడుతుంది. ఆ మాట పక్కనే చేర్చు.

నువ్వు కూడా 30 కుట్లతో రెండు రకాలుగా ఓ ముక్క అల్లి, వెనకవైపు ఫోటో తీసి డ్రాఫ్ట్‌తో పాటు పంపు, నేను చూస్తా.

మీ అక్క