వస్తానన్నాడా, వస్తాడన్నాడా?

సందేహం: నేను కావలి దగ్గర పత్రికా విలేకరిని. ఇరిగేషన్ వాళ్లిచ్చిన ఇంగ్లీషు ప్రెస్‌నోట్‌ని తెలుగు చేస్తూ, ‘రైతుల గ్రామాన్ని మరుసటి రోజు ఆయన సందర్శిస్తారని, వారి కాలువ పూడికతో నిండి ఉండేదని, గత సంవత్సరం వారు తొలగించారని ఇంజనీరు చెప్పారు’ అని రాశాను. డెస్కులో ‘తాను వస్తానని’, ‘ఉందని’, ‘తామే తొలగించామని’ అని మార్చేశారు. నోట్‌లో ‘హి’, ‘వజ్’, ‘దే’ అని స్పష్టంగా ఉంటే ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఏది ఒప్పు?

సమాధానం: డెస్కు వాళ్లదే ఒప్పు. ‘తామే తొలగించామని’ అన్న చోట మాత్రం ఒక చిన్న పేచీ ఉంది. దాన్ని చివర్లో చూద్దాం.

ఇంజనీరు రైతుల ముందు నిలబడి ఏమని ఉంటాడు? ‘ఐ విల్ విజిట్ యువర్ విలేజ్ టుమారో. యువర్ కెనాల్ ఈజ్ చోక్డ్ విత్ సిల్ట్. వి క్లియర్డ్ ఇట్ లాస్ట్ ఇయర్.’ నోట్ రాసినవాళ్లు దీన్నే పరోక్షంలోకి తిప్పారు: ‘ది ఇంజనీర్ టోల్డ్ ది ఫార్మర్స్ దట్ హి వుడ్ విజిట్ దెయిర్ విలేజ్ ది నెక్స్ట్ డే, దట్ దెయిర్ కెనాల్ వజ్ చోక్డ్ విత్ సిల్ట్ అండ్ దట్ దే హాడ్ క్లియర్డ్ ఇట్ ది ఇయర్ బిఫోర్.’ ఇందులో అన్న మాట ఒక్కటీ ఉన్నది ఉన్నట్టుగా లేదు. ఐ కాస్తా హి అయింది. విల్ వుడ్ అయింది, ఈజ్ వజ్ అయింది, క్లియర్డ్ హాడ్ క్లియర్డ్ అయింది. టుమారో పోయి ది నెక్స్ట్ డే వచ్చింది. ఇంగ్లీషులో పరోక్షం అంటే చెప్పినవాడి నోటి నుంచి మాటను పూర్తిగా లాక్కుని, దాన్ని మళ్లీ చెప్పేవాడు తన చోట నిలబడి, తన వైపు నుంచి చెప్పడం. అక్కణ్ణుంచి చూస్తే ఇంజనీరు ‘అతను’ అవుతాడు. అతను మాట్లాడిన వేళ గడిచిపోయింది కాబట్టి అతని వర్తమానం కూడా గతంలోకి జరుగుతుంది.

సర్వనామాలకు బళ్లో ‘ఎస్-ఓ-ఎన్’ అని ఒక కిటుకు నేర్పిస్తారు. కోట్‌లో ఉన్న ఉత్తమ పురుష చెప్పినవాణ్ణి బట్టి, మధ్యమ పురుష విన్నవాణ్ణి బట్టి మారుతుంది, ప్రథమ పురుష కదలదు అని. ఇంగ్లీషు వరకు అది బాగానే పనిచేస్తుంది. తెలుగులోకి తెస్తేనే తంటా.

తెలుగులో ఈ పనంతా ‘అని’ చేస్తుంది. ఇది ‘అను’ ధాతువు నుంచి పుట్టిన అసమాపక క్రియ. సంస్కృతంలో ‘ఇతి’ లాగా అన్న మాట పూర్తయ్యాక వచ్చి దానికి గడి వేస్తుంది. ఇంగ్లీషు ‘దట్’ మాట కంటే ముందు వచ్చి, వెనక వచ్చే వాక్యాన్ని తనకు లోబరుచుకుంటుంది. మన ‘అని’ అంత దౌర్జన్యం చెయ్యదు. దాని ముందున్న క్రియ, చెప్పినవాడు ఎలా పలికాడో చాలావరకు అలాగే నిలబడుతుంది.

అందుకే కాలం మారదు. ‘కాలువ పూడిపోయి ఉంది’ అన్నాడు ఇంజనీరు. మనం ‘కాలువ పూడిపోయి ఉందని చెప్పాడు’ అంటాం. ఆ మాట నిన్న అన్నా, పదేళ్ల కింద అన్నా ‘ఉందని’ అనే అంటాం. ‘ఉండేదని చెప్పాడు’ అంటే అర్థమే మారిపోతుంది: అతను చెప్పేనాటికే పూడిక లేదు, అంతకు ముందెప్పుడో ఉండేది అని. మన నెల్లూరు వైపు ‘ఉండింది’ అన్నా ఇంతే సంగతి. ‘జ్వరంగా ఉందన్నాడు’ అంటే అన్నప్పుడు జ్వరం ఉన్నట్టు, ‘జ్వరంగా ఉండిందన్నాడు’ అంటే అనేసరికి తగ్గినట్టు. మీరు రాసిన వాక్యం చదివిన రైతు ‘ఓహో, ఇప్పుడు బాగైపోయిందని అంటున్నాడా ఈయన?’ అనుకుంటాడు. ‘సెడ్’ తర్వాత వచ్చిన ‘వజ్’ మామూలుగా మన ‘ఉంది’కే సమానం. మన ‘ఉండేది’కి అక్కడ దీటుగా వచ్చేది ‘హాడ్ బీన్’.

‘మామూలుగా’ అనడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో కాలాన్ని వెనక్కి జరపడం అన్నిచోట్లా తప్పనిసరి కాదు. చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమైతే ‘హి సెడ్ దట్ ది కెనాల్ ఈజ్ చోక్డ్’ అనవచ్చు, తప్పు లేదు. ‘సేస్’ అని వర్తమానంలో మొదలుపెడితే అసలు జరపనే జరపరు. ఇక అసలు మాటే భూతకాలంలో ఉండి, పక్కన ‘లాస్ట్ వీక్’ లాంటి మాట ముందు వెనకలు తేల్చేస్తుంటే, ‘హాడ్’ పెట్టకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు: ‘హి సెడ్ హి వజ్ ఇల్ లాస్ట్ వీక్.’ ఇక్కడి ‘వజ్’ చెప్పినవాడి నోటి నుంచే వచ్చిన ‘వజ్’. కాబట్టి దీన్ని ‘పోయిన వారం ఒంట్లో బాగాలేదన్నాడు’ అనాలి. ‘వజ్’ కనిపించగానే పక్కన కాలాన్ని చెప్పే మాట ఉందేమో చూసుకోవాలి.

ఇక మీ మొదటి ప్రశ్న, ‘హి’ ఉన్నచోట ‘వస్తాను’ ఎలా వచ్చిందని. ఇదే ఇందులో అసలు రుచి. ‘తాను వస్తానని ఇంజనీరు చెప్పాడు’ అన్న వాక్యంలో సర్వనామం మారింది, క్రియ మారలేదు. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చింది, ‘వస్తాను’లోని ‘ను’ మాత్రం ఇంజనీరు నోటి నుంచి వచ్చిందే. సగం పరోక్షం, సగం ప్రత్యక్షం. ఇంగ్లీషు లెక్కలో ఇది కుదరదు. ‘హి యామ్ కమింగ్’ అన్నంత వింతగా ఉంటుంది. తెలుగులో మాత్రం పసిపిల్లలు కూడా తడుముకోకుండా అనేస్తారు. అసలు ‘తాను’ కూడా చెప్పక్కర్లేదు, ‘రేపు వస్తానన్నాడు’ చాలు.

ఆ ‘ను’ చేసే పని చిన్నది కాదు. ‘ది ఇంజనీర్ సెడ్ దట్ హి వుడ్ కమ్’ అంటే వచ్చేది ఇంజనీరా, ఇంకో మగమనిషా? ఇంగ్లీషు వాక్యం చెప్పదు, సందర్భాన్ని చూసుకోమంటుంది. తెలుగులో ‘వస్తానని’ అంటే ఇంజనీరే. ‘వస్తాడని’ అంటే వేరొకరు. మీరు ‘ఆయన సందర్శిస్తారని’ అని రాయగానే మీ పాఠకుడి మనసులోకి కలెక్టరో, ఎమ్మెల్యేనో వచ్చి కూర్చుంటాడు. మన పల్లెల్లో ‘ఇంట్లోనే ఉండానన్నాడు’ అన్నదానికీ, ‘ఇంట్లోనే ఉండాడన్నాడు’ అన్నదానికీ ఎవరూ పొరబడరు కదా. పేపరుకు రాసేటప్పుడే ఈ తేడా చేజారుతుంది.

‘తను’ అన్న మాట మీదే భారం వేస్తే సరిపోతుందనుకోవద్దు. ఈ మధ్య మాటల్లో ‘తను’ను మామూలు ‘అతను, ఆమె’ లాగే వాడుతున్నారు. ‘తను మా వైఫ్’ అని పరిచయం చేసేవాళ్లు ఎందరు లేరు! కాబట్టి ‘తను వస్తాడని చెప్పాడు’ అంటే వచ్చేది మరొకడే. మనిషిని తేల్చేది క్రియ చివరి ముక్క.

ఇక్కడే మర్యాద కోసం ఇంకో తప్పు చేస్తుంటారు. ‘తాను రేపు వస్తారని కలెక్టరు చెప్పారు.’ పెద్దవాళ్లు కాబట్టి ‘వస్తారు’ అనాలన్న బెరుకు. అది అక్కర్లేదు. ఎంత పెద్దవారైనా తమ గురించి తాము ‘వస్తాను’ అనే అంటారు. ‘అని’ ముందు ఉన్నది వారి మాట. గౌరవం బయట, ‘చెప్పారు’లో పెడతాం. ‘తాను వస్తానని కలెక్టరు చెప్పారు’ అంటే మర్యాదకు ఏ లోటూ రాదు.

పత్రికల వాళ్లకు చాలా ఇష్టమైన ‘-నట్లు’ గురించి కూడా చెప్పాలి. ‘రేపు గ్రామానికి వస్తున్నట్లు తెలిపారు’ అంటే ఎవరు వస్తున్నారు? ‘వస్తున్నట్లు’కు ముందూ వెనకా మనిషిని చెప్పే ప్రత్యయం లేదు. నేను, నువ్వు, అతను, వాళ్లు ఎవరికైనా అదే రూపం. ఇంగ్లీషులో ఉన్న మసకే తెలుగులోకి వచ్చిపడుతుంది. వాడాల్సి వస్తే ముందు ‘తాను’ అయినా ఉంచండి. నన్నడిగితే ‘వస్తానని చెప్పారు’ అన్నది పొట్టిది, స్పష్టమైనది కూడా.

అన్నిట్లోనూ తెలుగుదే పైచేయి అనడం లేదు. ‘నేను పాసవుతానని సారు అన్నాడు’ అంటే ఎవరు పాసవుతారు? పరీక్ష రాసింది నేనైతే నేను, డిపార్ట్‌మెంట్ టెస్టు రాసింది సారైతే సారు. రెండర్థాలూ వస్తాయి. ఇంగ్లీషులో ‘దట్’ తర్వాత ‘ఐ’ వచ్చిందంటే అది మళ్లీ చెప్పేవాడే, అనుమానం లేదు. అందుకే తెలుగులో చెప్పినవాడి గురించైతే ‘నేను’ తీసేసి ‘తాను’ పెట్టడం మేలు. పదో తరగతి పిల్లలు ‘హి సెడ్ దట్ ఐ యామ్ బిజీ’ అని రాయడానికి మూలం ఇదే. ‘నేను బిజీగా ఉన్నానని చెప్పాడు’ అన్న తెలుగు వాక్యాన్ని మాటకు మాట దించేస్తున్నారు.

కాలాన్ని చెప్పే మాటలు మాత్రం తెలుగులోనూ చెప్పేవాడి వైపే మొగ్గుతాయి. ఇంజనీరు మంగళవారం ‘రేపు’ అంటే, ఆ రోజే మళ్లీ చెప్పేటప్పుడు ‘రేపు వస్తానన్నాడు’ అంటాం. శుక్రవారం చెప్పాల్సి వస్తే ‘మర్నాడే వస్తానన్నాడు, రాలేదు’ అంటాం. మీ వార్త మర్నాడు పొద్దున అచ్చవుతుంది కాబట్టి మీకు రెండూ చిక్కే. ‘బుధవారం’ అని వారం పేరు రాసేయండి.

చివరగా ఆ పేచీ. ‘దే హాడ్ క్లియర్డ్ ఇట్’లోని ‘దే’ ఎవరు? ఇంజనీరు ‘వి క్లియర్డ్’ అన్నా ‘దే’ అవుతుంది, రైతులతో ‘యు క్లియర్డ్’ అన్నా ‘దే’ అవుతుంది. మొదటిదైతే ‘తామే తొలగించామని’, రెండోదైతే ‘రైతులే తొలగించారని’. ఇంగ్లీషు నోట్ ఈ రెంటినీ కలిపేసింది, తెలుగు క్రియ మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పైన నేను ‘వి’ అని రాసింది మీ డెస్కు లెక్కన. వాళ్లూ ఊహించే ఉంటారు. పూడిక ఎవరు తీశారన్నది బిల్లుతో ముడిపడిన సంగతి. అక్కడ వ్యాకరణం చూసి లాభం లేదు, ఆ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే ‘తొలగించామని’ అచ్చు వెయ్యాలి.