‘మహా దాత’ అంటే ఇక్కడ పొగడ్త కాదు

ప్రశ్న: "‘మా సర్పంచి గారు మహా దాత. బడికి రెండు బల్లలిచ్చి, వాటి మీద తన పేరు నాలుగు చోట్ల రాయించారు.’ ‘మహా దాత’ అంటే ‘బాగా దానం చేసేవాడు’ అని రాస్తే సున్నా వేశారు. ఎందుకు?"

మీరు రాసింది నిఘంటువు అర్థం. వాళ్లడిగింది రచయిత ఉద్దేశం.

1. పక్క వాక్యం చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. బల్లలు రెండు, పేర్లు నాలుగు. బిరుదుకీ పనికీ పొంతన లేదు, కాబట్టి వ్యంగ్యం. ‘ఆయన కర్ణుడు’ అని ఉంటే రూపకం అయ్యేది. ఈ బల్లల పక్కన అదీ ఎత్తిపొడుపే.

2. అలాగని ‘పిసినారి’ అని తిరగేయకండి. ఆయన ఇచ్చాడు, పేరు కోసం ఇచ్చాడు.

3. జవాబు: "పైకి పొగడ్త. ఇచ్చింది కొంచెం, చాటుకున్నది ఎక్కువ కాబట్టి లోపల ఎత్తిపొడుపు."