కొత్త సంవత్సరం తీర్మానం: క్యాప్షన్ మన మాటలా ఎలా ఉంటుంది?

సందేహం: జనవరి 1న ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, కింద ఇలా రాద్దామనుకుంటున్నాను: “ఈ నూతన సంవత్సరంలో నేను నా ఆరోగ్యంపై దృష్టి సారించి, ప్రతిరోజూ వ్యాయామం చేయాలని దృఢంగా నిర్ణయించుకున్నాను. నా యొక్క సరికొత్త రూపాన్ని చూడటానికి సిద్ధంగా ఉండండి!” చదువుతుంటే నేను రాసినట్టే లేదు, ఎవరో ప్రకటన ఇచ్చినట్టుంది. నిజానికి నా సంకల్పం మా ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం నడవడమే. పోయినేడు కూడా అనుకుని ఫిబ్రవరికల్లా ఆపేశాను. తప్పెక్కడుంది?

సమాధానం: తప్పు మొదటి వాక్యం చివరి క్రియలో ఉంది. తెలుగు వాక్యంలో సమాచారం భారమంతా చివరి క్రియ మీద పడుతుంది. మీరు అక్కడ “నిర్ణయించుకున్నాను” అని పెట్టారు కాబట్టి, చదివేవారికి అందే వార్త మీరు నిర్ణయం తీసుకోవడం. వ్యాయామం ఆ క్రియ కింద “చేయాలని” అనే రూపంలో అణిగిపోయింది. పైగా “నిర్ణయించు” సమావేశాల మినిట్సులోనూ పత్రికా ప్రకటనల్లోనూ ఎక్కువగా తిరిగే మాట. “దృష్టి సారించి”, “దృఢంగా” అన్నవి దాని వెంట వచ్చినవే. మీ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతూ “ఆరోగ్యంపై దృష్టి సారిస్తున్నానే” అనరు కదా. “నేను” కూడా అక్కర్లేదు, క్రియకున్న “ను” ఆ పని చేస్తోంది. “నా యొక్క”లో “యొక్క” తీసేస్తే అర్థం ఏమీ తగ్గదు.

ఆ పై క్రియను తీసేస్తే మిగిలేది “ప్రతిరోజూ వ్యాయామం”. ఇక్కడ రెండో చిక్కు వస్తుంది. “వ్యాయామం” అనగానే ఏ బొమ్మా కట్టదు. మీ ఉత్తరంలోనే “చెరువు గట్టు మీద సాయంత్రం నడవడం” అని ఎంత చక్కగా రాశారో చూడండి. క్యాప్షన్‌కు కావలసిన ముడిసరుకు అది. ఇక “ప్రతిరోజూ” అన్నది నిలబడని మాట. ఒక్క సాయంత్రం వాన పడితే చాలు, వాక్యం అబద్ధమైపోతుంది. మీరు నిజంగా వెళ్లగలిగేది వారానికి నాలుగు రోజులైతే నాలుగనే రాయండి. అంకె చిన్నదైనకొద్దీ చదివేవారు ఎక్కువగా నమ్ముతారు, ఎందుకంటే అది లెక్క వేసుకున్నవాళ్లకే తెలిసే అంకె.

అసలు మెలిక క్రియారూపాన్ని ఎంచుకోవడంలో ఉంది, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. “సాయంత్రం గట్టు మీద నడుస్తా” అని రాస్తే రెండర్థాలొస్తాయి: ఇప్పటికే ఆ అలవాటుంది అని ఒకటి, ఇకముందు నడవబోతున్నాను అని ఇంకొకటి. చిన్నయసూరి రాసిన బాలవ్యాకరణం, అలవాటును చెప్పే తద్ధర్మాన్ని, భవిష్యత్తును వేరుగా చూపింది; “వండును” తద్ధర్మం, “వండఁగలఁడు” భవిష్యత్తు. నేటి వాడుకలో “వండుతాడు” ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. అందుకే ఒంటరిగా వచ్చిన “నడుస్తా” తీర్మానంలా కాక, గొప్ప చెప్పుకున్నట్టు వినబడే ప్రమాదముంది. వ్యతిరేకరూపానిదీ ఇదే తీరు: “రాత్రి పది దాటాక ఫోన్ చూడను” అంటే అది మీ అలవాటో, కొత్త నియమమో తెలియదు. విరుగుడు తేలిక. ఎప్పటినుంచో చెప్పే మాటను ముందు పెట్టాలి. “ఇకనుంచి” సరిపోతుంది, కానీ తేదీనో పండగనో పట్టుకుంటే ఇంకా మంచిది. జనవరి 1న మొదలుపెట్టినవాళ్ల నియమం భోగి, సంక్రాంతి అరిసెల దగ్గర తప్పుతుంది. “కనుమ మర్నాటి నుంచి” అంటే అందరికీ వెంటనే అర్థమవుతుంది, మీకూ రెండు వారాల వెసులుబాటు దొరుకుతుంది.

మిగతా రూపాల బలం వేరు. “నడవాలి” అంటే ఎవరో మిమ్మల్ని మందలించినట్టు ఉంటుంది, డాక్టరు చెప్పారేమోననిపిస్తుంది. “నడవాలని ఉంది” కోరిక మాత్రమే, మాట ఇచ్చినట్టు కాదు. మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా వాడేది “నడుద్దామనుకుంటున్నా”. “నడుద్దాం” విడిగా ఉంటే ఎదుటివారినీ కలుపుకుంటుంది, “అనుకుంటున్నా”తో చేరగానే మాట్లాడేవారి ఒక్కరి ఉద్దేశమే అవుతుంది. అందులో పట్టుదలా ఉంది, జరగకపోవచ్చన్న ఒప్పుకోలూ ఉంది. మీ వాక్యంలో పూర్తి క్రియ కావాలంటే నేను దీన్నే సూచిస్తాను. అయితే అంకె, చోటు, సమయం స్పష్టంగా ఉన్నప్పుడు క్రియ లేకపోయినా తెలుగు వాక్యం నిలుస్తుంది.

పోయినేటి సంగతి దాచకండి, మీ క్యాప్షన్‌లో మనిషి కనబడేది అక్కడే. కానీ దాన్ని చెప్పడంలోనూ ఒక తేడా ఉంది. “నడక ఆగిపోయింది” అంటే దానంతటది ఆగినట్టు, మీ ప్రమేయం లేనట్టు. “నడక ఆపేశా” అంటే మీరే ఆపారు. ఆగు, ఆపు, చెడు, చెరుచు, విరుగు, విరుచు: తెలుగులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి, బాధ్యత ఎవరిదో ఆ చిన్న మార్పే తేల్చేస్తుంది. మీ ఉత్తరంలో సహజంగానే “ఆపేశాను” అన్నారు. దాన్ని అలాగే ఉంచండి.

“సిద్ధంగా ఉండండి” సినిమా పోస్టరు మాట. చూసేవారికి ఏం పని అప్పగిస్తున్నారో అందులో లేదు. దాని బదులు వాళ్లు నిజంగా చేయగలిగిన పని ఏదైనా అడగండి. అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

“పోయినేడు ఫిబ్రవరికే నడక ఆపేశా. ఈసారి కనుమ మర్నాటి నుంచి వారానికి నాలుగు సాయంత్రాలు, చెరువు గట్టు మీద అరగంట. ఫోన్ ఇంట్లోనే. గట్టు మీద కనబడకపోతే అడగండర్రా.”

మొదటి వాక్యాన్ని ఎందుకు ముందు పెట్టానంటే, ఇన్‌స్టాగ్రామ్ పొడవాటి క్యాప్షన్‌లో మొదటి వరుసలే చూపించి తక్కినది “more” వెనక దాచేస్తుంది. “నూతన సంవత్సర శుభాకాంక్షలు”తో మొదలైతే కనిపించేది అదొక్కటే, వేలు ఆగదు.

ఇందులో మీరు మార్చుకోవలసినవి కొన్నుంటాయి. “అడగండర్రా” ఈడువాళ్లకూ చిన్నవాళ్లకూ సరిపోతుంది. మీ పోస్టును అత్తగారో ఆఫీసు పెద్దలో చూస్తారనుకుంటే “అడగండి” చాలు. మీది తెలంగాణ యాస అయితే ఈ వాక్యాలను అలాగే దింపుకోకండి. “నిరుడు ఫిబ్రవరికే నడుసుడు బంద్ చేసిన”తో మొదలుపెట్టి “అడుగుండ్రి”తో ముగించండి. ఏ యాసైనా సరే, ఒక వాక్యం పుస్తకభాషలో, ఇంకొకటి ఇంటిభాషలో ఉంటే అతుకు కనబడిపోతుంది. “ఆపేశా” అన్నాక “కనబడనియెడల” అనకూడదు. ప్రాస కోసం మాటలు వెతకడమూ వద్దు. “కొత్త ఏడు, కొత్త తోడు” లాంటివి చెవికి బాగానే ఉంటాయి కానీ, ప్రాస కుదిరే మాట కోసం గట్టు, అరగంట, నాలుగు అన్నీ పక్కకు పోతాయి.

పోస్టు చేసే ముందు ఆ నాలుగు వాక్యాలనూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా చెప్పి, పంపకుండా వినండి. చెప్పేటప్పుడు ఏ మాట దగ్గర నాలుక తడబడిందో, లేదా రాసినదాన్ని వదిలి నోటికి ఏ మాట వచ్చిందో, అక్కడ నోటికొచ్చినదాన్నే రాసుకోండి.