ఉగ్గాని బండికి కార్డు మిషన్ అవసరమా?

ప్రశ్న: సార్, నేను బీకాం ఫైనల్ ఇయర్. మా నాయనకు కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ఉగ్గాని బజ్జి బండి ఉంది. డిగ్రీ అయ్యాక నేనే చూసుకుందామని ఉంది. నాయన క్యాష్ తప్ప ఏదీ నమ్మడు, నేను యూపీఐ పెడదామంటున్నా. ఈలోగా ఒక ఏజెంట్ వచ్చి నెలకు 400 అద్దెకు కార్డు మిషన్ తీసుకోమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఏజెంట్‌ను పంపించెయ్. కార్డు మిషన్‌లో నిన్ను ముంచేది కమీషన్ కాదు, అద్దె. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారానికి డెబిట్ కార్డు కమీషన్ 0.40 శాతం దాటకూడదు, అంటే 40 రూపాయల ప్లేటుకు 16 పైసలు. క్రెడిట్ కార్డుకు అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. అయినా ప్లేటుకు 12 రూపాయలు మిగులుతుందనుకుంటే, ఆ 400 కట్టడానికే నెలకు 34 ప్లేట్లు అదనంగా అమ్మాలి. ఉగ్గాని తినడానికి వచ్చి కార్డు తీసేవాళ్లు ఎంతమంది? పైగా ఆ డబ్బు మామూలుగా బ్యాంకు పనిదినం చూసుకుని మరుసటి రోజు పడుతుంది, మధ్యలో ఆదివారం వస్తే ఇంకా ఆలస్యం.

యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కమీషన్ తీసుకోవడం లేదు. ఖర్చల్లా సౌండ్ బాక్స్ అద్దె, సుమారు వంద చిల్లర. అది మాత్రం మానొద్దు. నాయన చేతులు పిండిలో ఉంటాయి, ముందు పదిమంది నిలబడి ఉంటారు, ఎవడో ఫోన్ తిప్పి టిక్ మార్కు చూపిస్తాడు. అచ్చం అలాగే కనిపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి, అందుకే కస్టమర్ ఫోన్‌లో ఏముందో చూడక్కర్లేదు, మన బాక్స్ పలికిందా లేదా అంతే. పొద్దున బండి తీయగానే మీ క్యూఆర్‌ను మీ ఫోన్‌తోనే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకో, రాత్రి ఎవరైనా దాని మీద వేరే స్టిక్కర్ అతికించి ఉంటే అక్కడే బయటపడుతుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదన్న సంగతి నాయనకు రెండుసార్లు చెప్పు.

ఇక నాయన మాటలో నిజం ఉన్న చోటు ఇది. రోజుకు 3,000 అమ్ముడై అందులో 2,000 యూపీఐలో వచ్చిందనుకో, చేతిలో మిగిలేది 1,000. తెల్లారితే బొరుగులు, నూనె, శనగపిండి, మిరపకాయలకు 1,800 కావాలి, కొందరు సరుకు వాళ్లు క్యాషే అడుగుతారు. కంపెనీ ఇచ్చే కొన్ని క్యూఆర్‌లలో డబ్బు ముందు వాళ్ల దగ్గర ఆగి, అదే రోజు రాత్రో మర్నాడో మన బ్యాంకుకు వస్తుంది. అందుకే పెట్టించేటప్పుడే 'డబ్బు నేరుగా, వెంటనే నా అకౌంట్‌లో పడుతుందా' అని అడుగు. ఎలా ఉన్నా ఒక రోజు సరుకుకు సరిపడా క్యాష్ ఇంట్లో విడిగా పెట్టుకోండి.

అసలు ప్రమాదం వేరే ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 'అన్నా, ఏటీఎం పనిచేయట్లేదు, 5,000 ఫోన్‌పే కొడతా, క్యాష్ ఇవ్వు' అని ఎవరో వస్తారు. పాపం అని ఇస్తాం. ఆ 5,000 ఎక్కడో ఒక ముసలాయనను మోసం చేసి లాగిన డబ్బు అయితే, ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో చూసుకుంటూ వచ్చి మీ అకౌంట్‌లో ఆ మొత్తాన్ని ఆపేస్తారు, ఒక్కోసారి అకౌంట్ మొత్తమే ఆగిపోతుంది. అప్పుడు బ్యాంకు చుట్టూ, పోలీసుల చుట్టూ తిరగాల్సింది మీరే. తెలియని వాళ్లకు క్యాష్ మార్చి ఇవ్వడం అనే సాయం పూర్తిగా బంద్. అలాంటి డబ్బుతో ఎవడైనా ప్లేటు ఉగ్గాని తిన్నా ఇదే తలనొప్పి రావచ్చు, దాన్ని మనం ఆపలేం. అందుకే బండికి వేరే అకౌంట్ తెరువు, ఇంటి పొదుపు, చెల్లెలి ఫీజు డబ్బు అందులో ఉంచకు, రెండు మూడు రోజులకోసారి మిగిలింది అక్కడి నుంచి మార్చేయ్.

'నాకు కట్ అయింది, మీకు రాలేదా' అనే గొడవ వస్తే చేతి నుంచి క్యాష్ తిరిగి ఇవ్వొద్దు. వ్యాపారి క్యూఆర్‌కు కొట్టి మనకు చేరకపోతే ఆ డబ్బు ఐదు రోజుల్లోపు కస్టమర్‌కు వెనక్కి వెళ్లాలి, దాటితే బ్యాంకు రోజుకు 100 చొప్పున ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. రోజూ వచ్చే మనిషైతే ప్లేటు ఇచ్చి నోట్‌బుక్‌లో రాసుకో, పోయేది 40 రూపాయలే.

క్యాష్ మానెయ్యమని నేను అనను. చిల్లర, దొంగనోటు బాధలు ఉన్నా కరెంటు, నెట్ లేనప్పుడు నడిచేది అదే. 500 నోటును వంచి చూస్తే దారం ఆకుపచ్చ నుంచి నీలంగా మారాలి.

నువ్వు బీకాం కదా, నీ పని రాత్రి మొదలవుతుంది: బాక్స్ చెప్పిన మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం, డబ్బాలో ఉన్న క్యాష్ మూడూ రాసి సరిచూడు. తేడా వస్తే ఆ రోజే తెలుస్తుంది. మున్సిపాలిటీ దగ్గర నాయనకు వీధి వ్యాపారి గుర్తింపు ఉందో లేదో కూడా కనుక్కో, పీఎం స్వనిధిలో మొదటి విడత 15,000 దాకా అప్పు ఉంది, అందులో డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ కూడా ఇస్తారు.