బెంగళూరు షాపుకు రేటు చెప్పే ముందు

బుజ్జమ్మకు,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గానుగ నూనెకు అనంతపురంలో ఎనిమిది షాపులు అడుగుతున్నాయని, బెంగళూరు నుంచి ఒకాయన నెలకు 500 లీటర్లు తీసుకుంటానన్నాడని, నువ్వు ఈ వారంలోనే రేటు చెప్పబోతున్నావని. విని మొదట మీసం మీద చెయ్యి పోయింది. తర్వాత రాత్రి నిద్ర పోయింది. అందుకే ఇది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే నువ్వు "ఊఁ పెద్దనాయనా, ఊఁ" అంటూ ఇంకో పక్క బాటిళ్లకు మూతలు బిగిస్తుంటావు.

లైసెన్సులు, లేబుల్, బిల్లు బుక్కు, వీటి సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. వాటి జోలికి పోను. ఒక్క ధర సంగతే మాట్లాడతా.

మీ అమ్మ చెప్పిన అంకెలతో లెక్క కట్టాను. లీటరుకు రెండున్నర కిలోల శనక్కాయ విత్తనాలు. కిలో 120 చొప్పున 300 రూపాయలు. బాటిల్, లేబుల్, కూలీ, కరెంటు కలిపి 40. చెక్క ఒకటిన్నర కిలో వస్తుంది, కిలో 40కి పశువుల వాళ్లు తీసుకుంటారు కాబట్టి 60 తీసెయ్. అంటే నీ గానుగ దగ్గర లీటరు 280. ఎమ్మార్పీ 420 పెట్టావు. అందులో జీఎస్టీ 5 శాతం, 20 రూపాయలు, సర్కారుది. నీది 400. మీ కౌంటర్ బాడుగ, పిల్లవాడి జీతం లీటరుకు 45 అనుకుంటే, సొంతంగా అమ్మినప్పుడు నీకు 75 మిగులుతుంది. ఇంతవరకు బాగుంది.

ఇప్పుడు షాపువాడు వచ్చి "20 పర్సెంటు మార్జిన్ ఇవ్వండి మేడం" అంటాడు. దేని మీద 20 అని వెంటనే అడుగు. ఎమ్మార్పీ మీదైతే 84 పోయి బిల్లు 336. ఆయన కొన్న ధర మీద 20 కలిపితే 420 వచ్చేలా చూస్తే బిల్లు 350. మాట ఒకటే, లీటరుకు 14 రూపాయలు తేడా. కిరాణా వాళ్లు మామూలుగా ఎమ్మార్పీ మీదే చెబుతారు. నువ్వు కొన్న ధర మీద అనుకుని ఒప్పుకుంటే నెలాఖరున కొట్లాట. అందుకే శాతాలు రాయకు, "మీకు బిల్లు ఇంత, పన్నుతో కలిపి" అని రూపాయల్లో రాయి. డబ్బా లెక్క అడిగితే కిలోనా లీటరా చూసుకో. లీటరు నూనె 910 గ్రాములే. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు పడతాయి. తొందరలో పదిహేను లీటర్ల రేటు చెప్పేస్తావు.

336కి ఇస్తే పన్ను పోగా నీ చేతికి 320. ఖర్చు 280. ఆటో, కారిన బాటిళ్లు, నెల అరువు కలిపి 17 అనుకో. మిగిలేది 23. ఇది చాలు. కానీ 25 శాతం ఇస్తే బిల్లు 315, పన్ను పోగా 300, మిగిలేది 3 రూపాయలు. విత్తనాలు కిలోకు 2 రూపాయలు పెరిగితే నీకు లీటరుకు 5 పోయె. ఈ ఒక్కటీ గుర్తుంచుకో తల్లీ: విత్తనం కిలోకు 10 పెరిగితే లీటరుకు 25 పెరుగుతుంది. 23 మిగిలే చోట 2 రూపాయలు చేతినుంచి పడతాయి. అందుకే ఏ రేటూ నెల దాటి ఖాయం చెయ్యకు. రేటు కాగితం కిందే "ఈ తేదీ వరకు" అని వెయ్యి. పెంచాలంటే వారం ముందు షాపులన్నిటికీ చెప్పు. పాత ఎమ్మార్పీ సరుకు షాపులో ఉంటే దాన్ని అదే ధరకు అమ్ముకోనీ. అచ్చైన ఎమ్మార్పీ కన్నా పైసా ఎక్కువ తీసుకున్నా చట్టం ఒప్పుకోదు.

ఇక బెంగళూరాయన సంగతి. ఆయన 30 శాతం అడిగాడంట. బిల్లు 294, పన్ను పోగా 280. అంటే నీ గానుగ ఖర్చు తప్ప ఇంకేమీ రాదు. లారీ పార్సిల్ నీ జేబులోంచే. అది కూడా చిన్న సంగతే. నాకు భయం వేరే ఉంది. నీకు మీ నాయన చెప్పి ఉండడు, చెప్పడు కూడా, కాబట్టి నేనే చెబుతా.

2003లో మేము శీకాయ పొడి చేసేవాళ్లం. నీకు వాసన గుర్తుంటుందో లేదో, ఇల్లంతా తుమ్ములే. వంద గ్రాముల పొట్లం ఎమ్మార్పీ 20, షాపులకు 16. కదిరి, హిందూపురం, ధర్మవరంలో కిరాణా షాపుల నిండా మన పొట్లాలే ఉండేవి. ఒకరోజు పెద్ద షాపాయన ఒకడు వచ్చి నెలకు నాలుగు వేల పొట్లాలు, చేతిలో డబ్బు, 13 రూపాయల 50 పైసలు అన్నాడు. మీ నాయన అప్పటికే మిక్సింగ్ మెషిన్‌కు కంతు కట్టలేక తిరుగుతున్నాడు. నేను ఆగమన్నాను. ఆయన నోట్లు చూసి ఆగలేదు. నీకప్పుడు ఆరు నెలలు. పాల డబ్బాకూ ఆలోచించిన రోజులవి. అందుకే ఆయన్ను నేనేమీ అనలేదు, ఇప్పుడూ అనను.

మొదటి నెల మంచిదే. రెండో నెల చిన్న షాపుల నుంచి ఆర్డర్లు తగ్గాయి. ఎండాకాలం కదా అనుకున్నాం. అయితే మొత్తం అమ్మకం తగ్గలేదు, పెరిగింది. అక్కడే అనుమానం రావాలి. ఆర్డర్లు చిన్న షాపుల్లో తగ్గి, మొత్తం తగ్గకపోతే సరుకు ఇంకో దారిలో వాళ్లకు చేరుతున్నట్లు. ధర్మవరం షాపులో మన పొట్లం తీసి చూస్తే దాని మీద బ్యాచ్ నంబరు ఆ పెద్దాయనకు పంపినది. ఆయన చిన్న షాపులకు 15కి పంచుతున్నాడు, మన 16 కన్నా రూపాయి తక్కువకి. తన కౌంటర్‌లో మనుషులకు 16 రూపాయల 50 పైసలకు అమ్ముతున్నాడు. ఆలోచించు, కిరాణా వాడు మన దగ్గర 16కి కొని, ఎదురుగా ఆయన 16.50కి అమ్ముతుంటే 20కి ఎవరికి అమ్ముతాడు? పొట్లం వెనక్కి ఇచ్చాడు. మన పాత వీధి దుకాణానికి వచ్చే ఆడవాళ్లు కూడా "అక్కడ తక్కువ కదన్నా" అన్నారు. ఆ 20 రూపాయల ధర అలా చచ్చిపోయింది. చిన్న షాపులన్నీ పోయాక, నెల పద్దు ఆయన ఒక్కడి మీదే నిలబడ్డాక, 12 అడిగాడు. ఇవ్వలేం అంటే సరే అని వేరే పొడి పెట్టుకున్నాడు. రెండేళ్లకు మెషిన్ అమ్మేశాం. మీ నాయన ఇప్పటికీ శీకాయ పొడి వాసన వస్తే లేచి బయటికి పోతాడు, నువ్వు ఎప్పుడైనా గమనించావా?

నువ్వేమో ఒప్పందంలో "420 కన్నా తక్కువకు అమ్మకూడదు" అని రాస్తే సరిపోతుందనుకుంటున్నావంట. వద్దు. కొన్నవాడు ఏ ధరకు అమ్మాలో కట్టడి చేస్తే పోటీ చట్టం కిందికి వస్తుంది, 2002 చట్టంలోనే ఉంది. డీలర్లు డిస్కౌంట్లు ఇవ్వకుండా కట్టడి చేసిందని 2021లో మారుతి సుజుకికి పోటీ కమిషన్ 200 కోట్లు జరిమానా వేసింది. మనలాంటి చిన్నవాళ్ల దాకా ఎవరూ రాకపోవచ్చు. కానీ కాగితం ఉన్నా నువ్వు బెంగళూరు వెళ్లి అతన్ని ఏం చేస్తావు? ఎవరి అమ్మకం ధరా నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నది ఒక్కటే, అందరికన్నా తక్కువగా కొన్నవాడు ఎంతకు కొన్నాడన్నది. వాడికి ఇచ్చిన రేటుకు కాస్త పైనే మార్కెట్ ధర వచ్చి కూర్చుంటుంది.

అందుకని ఎక్కువ కొన్నవాడికి ఎంత తగ్గించాలో దాని వల్ల నీకు మిగిలేదాన్ని బట్టే చూడు. చిన్న షాపుకు 12 బాటిళ్ల అట్టపెట్టె ఆటోలో పంపితే 60 రూపాయలు, లీటరుకు 5. బెంగళూరుకు 500 లీటర్లు 750కి పోతాయనుకో, లీటరుకు ఒకటిన్నర. మూడున్నర మిగిలింది. ముందే డబ్బు కడితే అరువు ఖర్చు 5 మిగిలింది. కలిపితే ఎనిమిదిన్నర. కాబట్టి 336లోంచి 8 తగ్గించి 328 ఇవ్వు, అంతే. అది ఎమ్మార్పీ మీద ఇంచుమించు 22 శాతం. అడిగిన 30కీ దీనికీ మధ్య ఉన్నదంతా నీ మీద ఎనిమిది షాపులు పెట్టుకున్న నమ్మకం. అప్పుడు 328కి కొన్నవాడు 336కి కొన్నవాడి మీద పడి నలిపేయలేడు. ఆ ఎనిమిది కూడా డబ్బు ముందే కడితేనే. అరువు కావాలంటే 336లో మూడే తగ్గించు.

ఆయన ఇంకా తగ్గించమంటే 1 లీటరు బాటిల్ ఇవ్వకు. 5 లీటర్ల క్యాన్ ఇవ్వు. బాటిల్ కొనే మనిషి పక్కన పెట్టి పోల్చుకోలేడు, నీకూ లీటరుకు ప్యాకింగ్ ఖర్చు తగ్గుతుంది, ఆ తగ్గింది నిజంగా ఇవ్వగలవు. ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు, ఎవరికి వెళ్లిందో నీ బుక్కులో. మేము చూసే నాటికి ఆలస్యమైంది, నువ్వు నెలనెలా ఒక షాపులో ఒక బాటిల్ తిప్పి చూడు.

ఇంకో మాట, ఇది నిన్నే తిట్టేది. నీ కౌంటర్‌లో పండగకు 390కి అమ్మావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. షాపులు లేనప్పుడు సరే. రేపటి నుంచి అలా చేస్తే అడ్డా పక్కన ఉన్న షాపాయనకు నువ్వే శత్రువు. పండగకు ఏదైనా ఇవ్వాలంటే చిన్న నువ్వుల నూనె సీసా ఊరికే ఇవ్వు, షాపులకూ అదే పంపు, ముందే చెప్పు. ధర మాత్రం 420 మీద నుంచి కదలకూడదు.

రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో "లాస్ట్ రేటు?" అని వస్తే జవాబు ఇవ్వకు. ఆ స్క్రీన్ షాట్ పొద్దున్నకల్లా ఇంకో షాపు ఫోన్‌లో ఉంటుంది. తేదీ వేసిన కాగితం మీదే చెప్పు, అందరికీ ఒకటే కాగితం. బెంగళూరాయనకు 328 రాసే ముందు నాకు ఫొటో తీసి పంపు, కళ్లజోడు పెట్టుకుని చూస్తా. మీ నాయనను కూడా చూడమను. ఆయన చూడనంటాడు, అయినా బల్ల మీద పెట్టి వెళ్లు.

మీ పెద్దనాయన