బోండాం ఊపితే చప్పుడు రాకూడదు, కాయ ఊపితే రావాలి

"బోండాం కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్ల చప్పుడు రావాలా, రాకూడదా? కొబ్బరికాయకీ ఇదే లెక్కా? ఎంత చూసి తెచ్చినా సగం సార్లు మోసపోతున్నాను."

బోండాంలో రాకూడదు, కొబ్బరికాయలో రావాలి. నేను చాలా ఏళ్లు దీన్ని తిరగేసి పట్టుకున్నాను. గలగలమంటోంది కదా, నీళ్లు బోలెడున్నాయి అనుకుని అలాంటి బోండామే కొట్టించుకునేవాణ్ణి. స్ట్రా పెడితే నాలుగు గుక్కలకే అడుగు తగిలేది, ఆ నీళ్లూ చప్పగా ఉండేవి.

నిండా నీళ్లున్న సీసాను ఊపి చూడండి, చప్పుడు రాదు. ఓ గుక్క తాగి మళ్లీ ఊపితే వస్తుంది. కాయలోనూ అంతే. పిందె పడ్డాక ఆరేడు నెలలకి లోపల నీళ్లు అంచుదాకా నిండి ఉంటాయి, కదలడానికి చోటుండదు. తియ్యదనం బాగా ఉండేదీ ఇంచుమించు అప్పుడే. ఆ తర్వాత కొబ్బరి మందం కట్టేకొద్దీ నీళ్లు తగ్గి, పైన గాలి చేరుతుంది. మనకి వినపడేది ఆ ఖాళీయే. బోండాంలో చప్పుడు వస్తోందంటే అది ముదిరినట్టు.

అలాగని చప్పుడు లేని ప్రతి బోండామూ మంచిదని కాదు. మరీ లేతదీ పలకదు, నీళ్లు కారిపోయిందీ పలకదు. అక్కడ బరువు చూడాలి. ఒకే సైజువి రెండు తీసుకుని చేతికొకటి పట్టుకోండి, బరువుగా ఉన్నది ఉంచుకోండి. సైజు మాత్రం ఒకటే అయి ఉండాలి. పచ్చి పీచు కూడా బాగా బరువే కాబట్టి, పెద్ద కాయని చిన్న కాయతో పోల్చి తూస్తే మనం పీచునే తూచినట్టు. కోణాలు తేలిన పెద్ద కాయ కంటే గుండ్రటి నడిపి కాయలోనే ఎక్కువ నీళ్లు దొరికిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. పైన చెక్కేటప్పుడు కత్తికి పెంకు అడ్డే తగలకపోతే అది మరీ లేతది. నీళ్లుంటాయి గానీ రుచి ఉండదు.

ఇక కొబ్బరికాయ. ఓసారి ఒకే కుప్పలోంచి ఒకే సైజు కాయలు రెండు తెచ్చి, ఇంటికొచ్చాక అనుమానమొచ్చి వంటింటి త్రాసు మీద పెట్టాను. ఒకటి 610 గ్రాములు, రెండోది 470. బరువుది ఊపితే నీళ్లు స్పష్టంగా కొట్టుకుంటున్నాయి. తేలికది ఊపితే అడుగున ఏదో కొంచెం జారినట్టుంది, అంతే. దాని పిలక పీచు పక్కకి తీసి చూస్తే ఒక కన్ను చుట్టూ తడి, నల్లటి మచ్చ. ఆ కన్ను దగ్గర నుంచే వెంట్రుకంత సన్నటి పగులు కిందికి దిగింది. కొడితే మొదటి దాంట్లో ముప్పాతిక గ్లాసు నీళ్లు వచ్చాయి. రెండోదాంట్లో రెండు చెంచాలు, అవీ పసుపు రంగులో, కమురు వాసనతో. కన్ను దగ్గర కొబ్బరి జిగురుగా ఉంది. ఆ 140 గ్రాముల తేడాలో దాదాపు అంతా కారిపోయిన నీళ్లే.

అప్పటి నుంచి పిలక తీసి కళ్లు చూడనిదే కాయ తీసుకోను. కళ్లు పొడిగా ఉండాలి, బూజు ఉండకూడదు. పగులు కంటికి దొరక్కపోతే రెండు కాయల్ని మెల్లగా తాకించి వినండి: బాగున్నవి ఖణేల్‌మంటాయి, పగిలినది బొంగురుగా, బీటలిచ్చిన మట్టికుండలా పలుకుతుంది. సంత గోలలో ఇది అంత తేలిక కాదు, చెవి దగ్గర పెట్టుకోవాల్సిందే.

కళ్లు పొడిగా ఉండి, కాస్త తేలికగా ఉన్న కాయని మాత్రం పారేయకండి. నిలవ ఉన్నకొద్దీ నీళ్లు మెల్లగా ఇగురుతాయి. అలాంటి దాంట్లో నీళ్లు తక్కువైనా కొబ్బరి గట్టిగా ఉంటుంది, తురుముకి నాకు అదే ఇష్టం. బరువుగా ఉండి అసలు చప్పుడే రాని కాయ ఇంకా ముదరనిది. నీళ్లు బాగానే ఉంటాయి, కొబ్బరి మెత్తగా ఉండి తురుము సరిగా రాదు.

ఎండుకొబ్బరి కోసం పెంకుతో ఉన్న కురిడీ కొంటే లెక్క మళ్లీ మారుతుంది. దాంట్లో నీళ్లు పూర్తిగా ఇగిరిపోయి, కొబ్బరి పెంకుని వదిలేసి ఉండాలి. ఊపితే లోపల చెక్క బంతి దొర్లినట్టు గటగటమనాలి. నీళ్ల చప్పుడు కొంచెం వినిపించినా అది ఇంకా ఎండలేదు, కొట్టాక రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది.