పెట్టుబడి పెట్టేవాడికి మనమే ముందు ఫీజు కట్టాలా?

సార్, నాకు 36 ఏళ్లు. మధురవాడలో ఉంటాం. ఉద్యోగం మానేసి మూడేళ్ల కిందట చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాను. చేపలు, రొయ్యలు రవాణా చేసే ఐస్ బాక్సుల్లో ఉష్ణోగ్రత ఎంతుందో ఫోన్‌కు పంపే పరికరం మాది. కిందటేడు అమ్మకాలు 9 లక్షలు. దుబాయ్ ఇన్వెస్టర్ల తరఫున అంటూ కొత్త కంపెనీలు ఎదగడానికి సాయం చేసే ఒక యాక్సిలరేటర్ వాళ్లు 10 శాతం వాటాకు 2 కోట్లు ఇస్తామని, పెట్టుబడి షరతులు రాసిన టర్మ్ షీట్ పంపారు. లిస్టింగ్ ఫీజు 60 వేలు, కంపెనీ లెక్కలు, కాగితాలు తనిఖీ చేసే డ్యూ డిలిజెన్స్‌కు ఫీజు 1.85 లక్షలు కట్టాను. ఇప్పుడు లీగల్ ఖర్చులు 2.20 లక్షలు, స్టాంప్ డ్యూటీ 1.20 లక్షలు, మొత్తం 3.40 లక్షలు కడితే పది రోజుల్లో డబ్బు పడుతుందని, కట్టిందంతా తిరిగి ఇస్తామని అంటున్నారు. నా దగ్గర 2.10 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే మిగిలింది. ఇంటి ఖర్చు నెలకు 48 వేలు, భార్య జీతం 26 వేలు. ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ తీసుకోవడం మంచిదా, పర్సనల్ లోన్ మంచిదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

రెండూ వద్దు. ఏ లోన్‌కు వడ్డీ తక్కువో చూసే పనే లేదు, ఎందుకంటే ఆ డబ్బు మీరు కట్టకూడదు. ఇప్పటిదాకా కట్టింది కూడా చాలావరకు పోయినట్టే అనుకోండి. కటువుగా ఉన్నా ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. అందరూ అడిగేది ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి అనే. అసలు కట్టాలా అని అడిగేవాళ్లు తక్కువ.

మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం జరుగుతుంది కదా. సరుకు కొనడానికి వచ్చినవాడు, ‘నీ చేప బాగుందో లేదో చూడాలి, ముందు నాకు రెండు వేలివ్వు’ అంటే బోటు యజమాని ఏమంటాడో మీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ కొనేవాడు ఇన్వెస్టర్, అమ్మేవాళ్లు మీరు.

అసలైన పెట్టుబడిలో కంపెనీ మీద ఖర్చు పడదని నేననడం లేదు. పడుతుంది, మోసగాళ్లు అల్లుకునేది కూడా ఆ నిజం చుట్టూనే. చాలా నిజమైన టర్మ్ షీట్లలోనూ ఇన్వెస్టర్ లాయరు ఖర్చు, డ్యూ డిలిజెన్స్ ఖర్చు ఇంత పరిమితి వరకు కంపెనీయే భరించాలని ఒక క్లాజు ఉంటుంది. తేడా అంతా ఎప్పుడు, ఎవరికి కడతామన్న దాంట్లో ఉంది. ఆ ఖర్చు మామూలుగా పెట్టుబడి కంపెనీ ఖాతాలో పడే రోజున, ఆ పెట్టుబడిలోంచే పోతుంది. లా ఫర్మ్ తన పేరుతో ఇన్వాయిస్ ఇస్తుంది. ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి మిగతాది కడతాం. డీల్ కుదరకపోతే ఎవరి ఖర్చు వారిదే అన్న షరతు కూడా చాలాసార్లు ఉంటుంది.

కాబట్టి వాళ్లకు ఒక మెయిల్ పంపండి: ‘మీ 3.40 లక్షలూ 2 కోట్లలోంచి మినహాయించుకుని మిగిలిన 1,96,60,000 పంపండి. లాయరు ఇన్వాయిస్, పాన్ నంబరు ఇవ్వండి, టీడీఎస్ కోయాలి.’ రెండు కోట్లు నిజంగా ఉన్నవాడికి ఇది పెద్ద విషయం కాదు. లేనివాడు మాత్రం ‘మా పాలసీ ఒప్పుకోదు’, ‘మీ కమిట్‌మెంట్ చూడాలి’, ‘ఈ స్లాట్ వేరే కంపెనీకి వెళ్లిపోతుంది’ అంటాడు. ఆ జవాబు వచ్చాక ఇక వాదించకండి.

స్టాంప్ డ్యూటీ లెక్క కూడా మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2020 జూలై 1 నుంచి కొత్త షేర్ల జారీ మీద స్టాంప్ డ్యూటీ 0.005 శాతం. రెండు కోట్ల మీద అది వెయ్యి రూపాయలు. అక్షరాలా వెయ్యి. అదైనా కంపెనీ ప్రభుత్వానికి కట్టేది, ఇన్వెస్టర్ ఖాతాలో వేసేది కాదు. వాళ్లు అడిగిన 1.20 లక్షలు దానికి 120 రెట్లు. ‘లిస్టింగ్ ఫీజు’ అన్న మాటే చిత్రం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ కావు. మీ పేరు వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక పేజీలో పెట్టి దానికే ఆ పేరు పెట్టి ఉంటారు.

ఇక డ్యూ డిలిజెన్స్. మీ హార్డ్‌వేర్ సర్క్యూట్ ఎవరు డిజైన్ చేశారు, బయటి కుర్రాడైతే హక్కులు కంపెనీకి రాసిచ్చాడా అని ఎవరైనా అడిగారా? జీఎస్టీ రిటర్నులు, కంపెనీల రిజిస్ట్రార్‌కు వేసిన ఆర్‌ఓసీ ఫైలింగులు తీసుకున్నారా? మీ కస్టమర్లలో ఒక్క రొయ్యల ఎగుమతిదారుకైనా ఫోన్ చేశారా? హార్బర్‌కు వచ్చి ఒక బాక్సు మూత తీసి చూశారా? నా అనుమానం, పిచ్ డెక్, ఆధార్, పాన్ తీసుకుని నాలుగు రోజుల్లో ‘క్లియర్’ అని రంగురంగుల రిపోర్టు పంపి ఉంటారు. నిజంగా డబ్బు పెట్టేవాడు ప్రాణం తీస్తాడు. వారాల తరబడి ప్రశ్నలు పంపుతూనే ఉంటాడు.

పైగా 10 శాతానికి 2 కోట్లంటే మీ కంపెనీ విలువ 20 కోట్లని. 9 లక్షల అమ్మకాలకు ఆ ధర ఇస్తామన్నవాడు ఒక్క రూపాయి బేరమాడలేదంటే, అతనికి మీ షేర్లతో పని లేదు. మిమ్మల్ని చిన్నబుచ్చడానికి అనడం లేదు, మీ పరికరం మంచిదే కావచ్చు.

మరో గుర్తు మీ ఆఫీసులోనే ఉంది. షేర్లు జారీ చేయాలంటే ముందు రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి, షేర్‌హోల్డర్ల ప్రత్యేక తీర్మానం కావాలి, ఆఫర్ లెటర్ తయారవ్వాలి, డబ్బు వేసుకోవడానికి విడిగా బ్యాంకు ఖాతా కావాలి. పది రోజుల్లో 2 కోట్లు రాబోతున్న కంపెనీలో ఈ కాగితాల్లో ఒక్కటీ కదలడం లేదంటే ఆ డబ్బు రావడం లేదనే అర్థం. ఇవన్నీ చేసేది మీరు ఎంచుకున్న సీఏ, మీరు ఫీజిచ్చే సీఏ. ఎదుటివాడి ‘ఎంప్యానెల్డ్ ఆడిటర్’ కాదు.

అరగంట ఖర్చుపెట్టి mca.gov.in లో ఆ యాక్సిలరేటర్ కంపెనీ పేరు వెతకండి. ఎప్పుడు పుట్టింది, పెయిడ్ అప్ క్యాపిటల్ ఎంత అన్నవి కనిపిస్తాయి. ఏడాది కూడా నిండని, లక్ష రూపాయల మూలధనం ఉన్న కంపెనీ కోట్లు పంచుతానంటే మీకే అర్థమవుతుంది. తాము ఇక్కడి ఫండ్ అని చెప్పుకుంటే sebi.gov.in లో ఏఐఎఫ్‌ల జాబితాలో, అంటే సెబీ దగ్గర నమోదైన ఇలాంటి పెట్టుబడి ఫండ్ల జాబితాలో పేరుండాలి. పేరు దొరికినంత మాత్రాన ఊపిరి పీల్చుకోకండి, అసలు ఫండ్ పేరు వాడుకునేవాళ్లూ ఉన్నారు. మీకు వచ్చిన మెయిల్‌లోని నంబరుకు కాకుండా, ఆ ఫండ్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ఇది కట్టేస్తే అయిపోతుందనుకుంటున్నారేమో, అవదు. నా క్లయింట్ ఒకాయన, గాజువాకలో చిన్న వర్క్‌షాప్ ఉంది, ఇలాగే మూడుసార్లు కట్టి నాలుగోసారి ‘ఆర్‌బీఐ క్లియరెన్స్’ దగ్గర ఆగి నా దగ్గరకు వచ్చారు. మీకూ తర్వాత వచ్చే ఫోన్ అదే. మీలాంటి కంపెనీలోకి దుబాయ్ నుంచి పెట్టుబడి రావడానికి ఆర్‌బీఐ ముందస్తు అనుమతి అక్కర్లేదు. షేర్లు కేటాయించాక 30 రోజుల్లోగా విదేశీ పెట్టుబడికి షేర్లిచ్చామని తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం మీ బ్యాంకు ద్వారా వేయాలి, అంతే.

ఇప్పుడు నా అసలు కోపం. మీరు కట్టిన 2.45 లక్షలు ఎక్కడివి? అవి, ఇప్పుడున్న ఎఫ్‌డీ కలిపితే 4.55 లక్షలు, అంటే మీ ఇంటికి తొమ్మిదిన్నర నెలల ఖర్చు. అది మీ అత్యవసర నిధి. మీరు దాన్ని ఆ పేరుతో పిలవలేదు కాబట్టే సులువుగా చేయి పెట్టారు. ఇప్పుడు నాలుగు నెలలకు కాస్త పైన మిగిలింది. జీతం వచ్చే ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. సొంత కంపెనీ నడిపేవాడికి పన్నెండు నెలలు ఉండాల్సిందే, మీ లెక్కలో 5.76 లక్షలు. కంపెనీ జీతాలకు పెట్టుకున్న డబ్బు ఇందులోకి రాదు, అది వేరే ఖాతా. ఈ నిధి ఆసుపత్రి కోసమే అనుకోకండి. ఇంట్లో ఏడాది ఖర్చు ఉన్నవాడు ఇన్వెస్టర్‌తో ‘ఆలోచించి చెబుతా’ అనగలడు. మూడు నెలల్లో చేతులెత్తేయాల్సినవాడికి ప్రతి టర్మ్ షీటూ ఆఖరి బస్సులా కనిపిస్తుంది. మోసగాళ్లు వేటాడేది ఆ భయాన్నే.

దానికి బదులు అప్పా? పర్సనల్ లోన్ 16 శాతానికి మూడేళ్లకు తీసుకున్నా నెలకు దాదాపు 11,950 వాయిదా. మీ ఆవిడ జీతంలో సగానికి కాస్త తక్కువ. ఆమె నగల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, రాని రెండు కోట్లను నమ్ముకుని ఇంట్లో ఉన్న బంగారం తాకట్టు పెడతారా? వ్యాపారం కోసం నగలు తాకట్టు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఫీజు కోసం పెట్టడం మరీ దారుణం.

కట్టిన డబ్బు గురించి ఈ రోజే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టండి. రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు, ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. రోజులు గడిచేకొద్దీ ఆ ఖాతాలో డబ్బు మిగలదు, కాబట్టి ఆశ తక్కువ పెట్టుకోండి. ‘మీ డబ్బు రాబడతాం, ఫీజు ఇంత’ అంటూ కొత్తవాళ్లు ఫోన్ చేస్తే పెట్టేయండి. డైరెక్టర్‌గా మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గానీ, సంతకం చేసిన ఖాళీ కాగితాలు గానీ వాళ్లకు ఇచ్చారా? టోకెన్ ఇచ్చి ఉంటే వెంటనే రద్దు చేయించండి, ఆ కాగితాల సంగతి ఫిర్యాదులో రాయండి. ఆధార్, పాన్ ఎలాగూ వాళ్లకు వెళ్లే ఉంటాయి కాబట్టి నెలా రెండు నెలలకోసారి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, మీ పేరు మీద లోన్ ఏదైనా పుట్టిందేమో.

పెట్టుబడి కోసం వేరే దారులు ఉన్నాయి. స్టార్టప్ ఇండియా గుర్తింపుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు, మీకు ఇప్పటికే లేకపోతే తీసుకోండి. పెద్ద కస్టమర్ దగ్గర ఆర్డర్ మీద అడ్వాన్స్ అడగడం నాకు అన్నిటికంటే ఇష్టం. కుటుంబానికి హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఎఫ్‌డీ మాత్రం కదపకండి. కంపెనీ నుంచి మీరు తీసుకోగలిగేది ఎంత చిన్న మొత్తమైనా, ముందు నెలకు 22 వేల లోటు పూడ్చుకోండి. ఆపై మిగిలింది ఆ ఎఫ్‌డీ పక్కన చేర్చుతూ 5.76 లక్షలు అయ్యేదాకా కొత్త ఇన్వెస్టర్ల మీటింగులకు విశాఖ దాటి మీ ఖర్చుతో వెళ్లకండి.